మామిడి గెలిచిందా, గెలిపించామా?

పిల్లల లెక్కల పుస్తకాల్లో పళ్ళ సర్వే ఎప్పుడూ సగం నుంచే మొదలవుతుంది. పేజీ తిప్పగానే పట్టిక కనిపిస్తుంది. మామిడి ఇంతమంది, అరటి ఇంతమంది, యాపిల్ ఇంతమంది. పక్కన నిలువు గీతలు, కింద వరసగా పళ్ళ బొమ్మలు, ఆ కింద ప్రశ్నలు. ఎక్కువమందికి ఇష్టమైన పండు ఏది? అరటి కంటే మామిడి ఎంతమందికి ఎక్కువ ఇష్టం? పిల్లలు గీతలు లెక్కపెట్టి, ఒక తీసివేత చేసి, జవాబు రాసేస్తారు. ఆ గీతలు అక్కడికి ఎలా వచ్చాయి, ఎవర్ని ఏమని అడిగితే వచ్చాయి అన్నది మాత్రం ఎక్కడా ఉండదు. అసలు పనంతా ఆ కనపడని సగంలోనే ఉంది. మామిడి గెలవాలా సీతాఫలం గెలవాలా అన్నది చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

ఈ పాఠాన్ని బడిలో దత్తాంశ నిర్వహణ అంటారు. ఆ గీతలు గణన చిహ్నాలు, బొమ్మల వరసలు పటచిత్రం. పేర్లు కాస్త బరువుగా ఉన్నాయి గానీ విషయం అంత బరువైనది కాదు. ఒక తరగతిని తీసుకుని మొదటి నుంచీ చివరిదాకా చేసి చూద్దాం.

పాలమూరు వైపు ఒక ఊరి బడి, నాలుగో తరగతి అనుకోండి. రిజిస్టరులో 38 పేర్లున్నాయి. దసరా సెలవుల తర్వాత బడి తెరిచిన వారం కాబట్టి ఇంకా అందరూ రాలేదు, ఆ రోజు హాజరు 36. తరగతి నేను కల్పించుకున్నదే, అంకెలూ నేను వేసుకున్నవే. అందులో వచ్చే చిక్కులు మాత్రం ఏ తరగతిలోనైనా వచ్చేవే.

అందరికీ ముందు తట్టేది చేతులెత్తించడం. సారు నిలబడి "మామిడి ఎవరికిష్టం?" అంటారు. 24 చేతులు లేస్తాయి. "అరటి?" 15. "యాపిల్?" 12. "జామ?" 9. బోర్డు మీద రాసి కూడితే 60 వస్తుంది. గదిలో ఉన్నది 36 మంది. ఇక్కడ పిల్లలు తప్పేమీ చేయలేదు. మామిడి ఇష్టమా అని అడిగారు, ఇష్టమే కాబట్టి చెయ్యెత్తారు. జామ ఇష్టమా అన్నారు, అదీ ఇష్టమే. సారు మనసులో ఉన్నది "అన్నిటికంటే ఇష్టమైనది ఏది" అన్న ప్రశ్న, నోటితో అడిగింది "ఇది ఇష్టమా" అన్న ప్రశ్న. రెండింటికీ జవాబులు వేరు. పైగా ఒకడు ఒక్కసారే ఎత్తాడు, ఇంకొకడు నాలుగుసార్లూ ఎత్తాడు, ఎవరెన్నిసార్లు ఎత్తారో ఇప్పుడు విడదీసి చెప్పలేం. ఆ 60 ని సరిదిద్దే దారి లేదు, మళ్ళీ అడగాల్సిందే.

చేతుల పద్ధతిలో ఇంకో ఇబ్బంది ఉంది. ముందు బెంచీలో కూర్చున్న చురుకైన పిల్ల చెయ్యెత్తగానే వెనక నలుగురు ఎత్తుతారు. స్నేహితుడు ఏ పండుకి ఎత్తాడో చూసి, అప్పుడు తన చెయ్యి ఎత్తే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. అది వాళ్ళ ఇష్టం కాదు, పక్కవాడి ఇష్టం.

సరే, కాగితం మీద నాలుగు పళ్ళ పేర్లు రాసిచ్చి ఒకదాని ఎదురుగా టిక్కు పెట్టమందాం. ఇప్పుడు మొత్తం చక్కగా 36 వస్తుంది. ఇంత పొందిగ్గా వచ్చింది కాబట్టే దీన్ని ఎవరూ అనుమానించరు. ఆ నాలుగు పేర్లు ఎవరు ఎంచారు? సాధారణంగా పుస్తకంలో ఉన్నవే దిగుతాయి: మామిడి, అరటి, యాపిల్, ద్రాక్ష. దసరా వెళ్ళిన వారంలో పాలమూరు వైపు ఊళ్ళలో గంపలకు గంపలు కనిపించేది సీతాఫలం. గుట్టల మీద దానంతటదే కాస్తుంది, డబ్బు పెట్టి కొనని ఇళ్ళలోనూ తింటారు. జాబితాలో అది లేకపోతే, దాన్ని ఇష్టపడే పిల్లవాడు ఉన్నవాటిలో ఏదో ఒకదానికి టిక్కు కొట్టేస్తాడు. వాడు అబద్ధం చెప్పలేదు, నిజం చెప్పే చోటే వాడికివ్వలేదు. చార్టు మీద సీతాఫలం అన్న మాటే ఉండదు, కాబట్టి అది పోయిందని చూసినవాళ్ళకి తెలియదు కూడా. జాబితా ఇచ్చి తీరాలంటే కనీసం చివర "మరేదైనా" అని ఒక గడి, పక్కన పేరు రాయడానికి ఖాళీ ఉండాలి.

అన్నిటికంటే నమ్మదగ్గది చీటీ. ఒకే కొలతలో కోసిన 36 కాగితం ముక్కలు పంచి, "అన్ని పళ్ళల్లో నీకు ఎక్కువ ఇష్టమైన ఒక్క పండు పేరు రాసి, మడిచి డబ్బాలో వెయ్యి" అని చెప్పాలి. వెంటనే ఎవరో ఒకరు లేస్తారు.

"సార్, రెండు రాయొచ్చా?"

"ఒక్కటే రాయాలె బిడ్డా."

"నాకు రెండూ ఒక్కతీరే ఇష్టం సార్."

ఈ పిల్లవాడికి ఏం చెప్పాలన్నది చిన్న విషయంలా ఉంటుంది కానీ కాదు. ఒక్కొక్కరిది ఒక్క చీటీ, ఒక్క పేరు అన్న నియమం వల్లే చివర్లో మొత్తం 36 రావాలి అని గట్టిగా చెప్పగలుగుతాం. వాడొక్కడికి రెండు ఒప్పుకుంటే ఆ పట్టు పోతుంది. కాబట్టి ఆలోచించుకుని ఒకటి ఎంచమనడమే. వాడికి మామిడీ అరటీ సమానమే అన్న నిజం ఈ సర్వేలో ఇమడదు. ఆ మేరకు సర్వే వాడి విషయంలో కొంచెం తప్పు చెబుతుంది. అది తెలిసి ఒప్పుకున్న లోటు.

డబ్బా తెరిచారు. మొత్తం 36 చీటీలున్నాయి. ముందు అవి లెక్కపెట్టడం మరచిపోకూడదు, ఎందుకంటే తర్వాత వచ్చే ప్రతి లెక్కనూ ఈ అంకెతోనే సరిచూస్తాం. ఒక్కో చీటీ విప్పుతుంటే వచ్చే పేర్లు పుస్తకంలో ఉన్నంత శుభ్రంగా ఉండవు. ఒకరు "మామిడి" అని రాశారు, ఒకరు "బంగినపల్లి", ఒకరు "రసాలు". జామను ఒకరు జామపండు అన్నారు, ఇంకొకరు జాంకాయ అన్నారు. సీతాఫలం రకరకాల స్పెల్లింగులతో ఉంది. పేర్లు ఉన్నవి ఉన్నట్టు విడివిడిగా పెడితే ఇలా తేలుతుంది: సీతాఫలం 7, మామిడి 6, అరటి 5, బంగినపల్లి 4, జామ 4, రసాలు 3, యాపిల్ 3, ద్రాక్ష 2, నేరేడు 1, రేగుపండు 1. కూడి చూడండి, 36 వస్తుంది. ఈ లెక్కలో మొదటి స్థానం సీతాఫలానిది.

బంగినపల్లి, రసాలు రెండూ మామిడి రకాలే కదా అని మూడింటినీ కలిపితే 6, 4, 3 కలిసి 13. ఇప్పుడు మామిడి మొదటి స్థానానికి వెళ్ళిపోయింది, సీతాఫలం దరిదాపుల్లో లేదు. చీటీలు అవే, పిల్లలూ వాళ్ళే. ఎవరూ ఒక్క మాట మార్చలేదు. కలపడమా వద్దా అన్న ఒక్క నిర్ణయంతో గెలుపు చేతులు మారింది.

ఏది సరైనది? ప్రశ్నను బట్టి ఉంటుంది. "ఏ పండు" అని అడిగాం, "ఏ రకం" అని కాదు. అరటిలో చక్కెరకేళి, అమృతపాణి అని విడదీయలేదు, జామలో తెల్లదీ ఎర్రదీ అని విడదీయలేదు. ఒక్క మామిడినే రకాలుగా చీలిస్తే దానికి అన్యాయం. కాబట్టి ఈ సర్వేలో కలపడమే సబబు. నర్సరీ వాళ్ళు వచ్చి ఏ అంట్లు తెప్పించాలో తెలుసుకోవాలనుకుంటే బంగినపల్లి 4, రసాలు 3 అన్న వివరమే వాళ్ళకి కావాలి, మామిడి 13 అన్నది ఎందుకూ పనికిరాదు. ఏదైనా గానీ, నిర్ణయం చీటీలు విప్పకముందే జరగాలి. విప్పాక, ఫలితం కళ్ళ ముందు కనిపిస్తుండగా కలుపుదామా వద్దా అని కూర్చుంటే, సారుకి సీతాఫలం ఇష్టమైతే ఒకటి, మామిడి ఇష్టమైతే ఇంకొకటి తేలుతుంది. ఆయన మనిషి మంచివాడైనా సరే.

ఇక గీతలు. బోర్డు మీద పండు పేర్లు ఒకదాని కింద ఒకటి రాశారు. మామిడి, సీతాఫలం, అరటి, జామ, యాపిల్, ద్రాక్ష, చివర ఇతర పళ్ళు. ఒకరు చీటీ విప్పి పైకి చదువుతారు, ఇంకొకరు ఆ పేరు పక్కన ఒక నిలువు గీత గీస్తారు. నాలుగు నిలువు గీతలయ్యాక ఐదోది నిలువుగా గీయకుండా ఆ నాలుగింటినీ కొట్టేసినట్టు ఏటవాలుగా అడ్డంగా గీస్తారు. అక్కడితో ఒక కట్ట. తర్వాత కాస్త ఎడం వదిలి కొత్త కట్ట. మామిడి దగ్గర చివరికి రెండు కట్టలు, మూడు విడి గీతలు ఉంటాయి. సీతాఫలం దగ్గర ఒక కట్ట, రెండు గీతలు. అరటికి ఒక నిండు కట్ట.

ఈ పద్ధతి గొప్పదనం అది ఏ వరసలో వచ్చినా తీసుకోవడం. చీటీలు కలగాపులగంగా వస్తాయి: మామిడి, జామ, మామిడి, సీతాఫలం, ద్రాక్ష. ఏడు పళ్ళ అంకెలను మనసులో పెట్టుకుని ఒక్కోదానికి ఒకటి కలుపుకుంటూ పోవడం పెద్దవాళ్ళకే కష్టం. అంకె రాసి, కొట్టేసి, మళ్ళీ పై అంకె రాయడం ఇంకా గజిబిజి. గీత గీసేటప్పుడు ఇప్పటిదాకా ఎన్నయ్యాయో తెలియనక్కర్లేదు, ఒక చీటీకి ఒక గీత అన్నదే గుర్తుంటే చాలు. లెక్కింపు అంతా అయ్యాక కట్టలు ఐదు, పది అని చదువుకోవచ్చు.

ఐదోదాన్నే ఎందుకు అడ్డంగా గీయాలన్న దానికి కన్ను చెప్పే కారణం ఒకటుంది. 1871లో ఇంగ్లండుకు చెందిన ఆర్థికవేత్త స్టాన్లీ జెవన్స్ తన మీదే ఒక ప్రయోగం చేసుకున్నాడు. పెట్టెలోకి గుప్పెడు చిక్కుడు గింజలు విసరడం, లెక్కపెట్టకుండా చూసీ చూడగానే ఎన్ని పడ్డాయో చెప్పడం, తర్వాత లెక్కపెట్టి సరిచూసుకోవడం. ఇలా వెయ్యిసార్లకు పైగా చేసి ఆ వివరాలు నేచర్ పత్రికలో రాశాడు. మూడు, నాలుగు గింజలు పడ్డప్పుడు ఆయన ఒక్కసారీ తప్పు చెప్పలేదు. ఐదు దగ్గర తడబాటు మొదలైంది, ఆపైన అది పెరుగుతూ పోయింది. నాలుగు దాకా చూపుకే తెలుస్తుంది, ఆ తర్వాత లెక్కపెట్టుకోవాలి. నాలుగు గీతలు నిలువుగా ఉంచి ఐదోదాన్ని అడ్డం చేస్తే ఏ కట్టలోనూ కన్ను నాలుగుకు మించి పోల్చుకోనక్కర్లేదు. చైనా, జపాన్ దేశాల్లో సరిగ్గా ఐదు గీతలతో పూర్తయ్యే ఒక అక్షరాన్ని ఇదే పనికి వాడతారు. ఒక్కో చీటీకి ఒక్కో గీత, అక్షరం నిండితే ఐదు. అమెరికా గణాంకవేత్త జాన్ టూకీ పదేసి కట్టలు కట్టాడు: ముందు చదరం మూలల్లో నాలుగు చుక్కలు, వాటిని కలుపుతూ నాలుగు భుజాలు, లోపల రెండు కర్ణాలు. మన బడుల్లో నడిచేది నాలుగు నిలువు, ఒక అడ్డం.

పిల్లలు ఇక్కడే రెండు రకాలుగా దారి తప్పుతారు. కొందరు ఐదు నిలువు గీతలు గీసి, ఆరో చీటీకి అడ్డగీత వేస్తారు. కట్ట అంటే ఐదు గీతలు, దాని మీద అడ్డం అని వాళ్ళు అర్థం చేసుకున్నారు. కొందరు మూడు గీతలకే అడ్డం వేసేస్తారు. రెండు సందర్భాల్లోనూ చూడటానికి కట్ట కట్టలాగే ఉంటుంది, చదివేటప్పుడు ఐదనే చదువుతారు. ఇందులో ముచ్చటైన సంగతి ఏమిటంటే, మొత్తం ఎంత తప్పిందో చూస్తే తప్పు ఏ రకందో పట్టుకోవచ్చు. మన తరగతిలో మొదటి రకం తప్పు జరిగిందనుకోండి. మామిడి 13 చీటీలకు ఆరేసి గీతల కట్టలు రెండు, విడి గీత ఒకటి ఉంటాయి. చదివితే 11. సీతాఫలం 7 చీటీలకు ఒక కట్ట, ఒక గీత, అంటే చదువుకు 6. మిగతావాటిలో ఆరో చీటీ రాలేదు కాబట్టి అవి సరిగ్గానే ఉంటాయి. కూడితే 33. మూడు తగ్గాయి, బోర్డు మీద ఉన్న కట్టలూ మూడే. ఒక్కో కట్ట ఒక్కో చీటీని మింగిందన్నమాట. రెండో రకం తప్పులో ఇది తిరగబడుతుంది. నాలుగేసి చీటీలకే కట్ట అయిపోతుంది కాబట్టి మామిడి 16, సీతాఫలం 8, అరటి 6, జామ 5 అని చదువుతాం. మొత్తం 42 అవుతుంది. ఆరు ఎక్కువ, కట్టలు కూడా ఆరు. తగ్గిందో పెరిగిందో ఆ అంకె కట్టల సంఖ్యతో సమానమైతే, గీసిన పిల్లని పిలిచి ఒక కట్ట గీసి చూపించమంటే చాలు.

అయితే మొత్తం 36 వచ్చిందని నిబ్బరంగా ఉండటానికీ లేదు. "జామ" అని చదివితే పొరపాటున అరటి వరసలో గీత పడిందనుకోండి. జామ ఒకటి తగ్గింది, అరటి ఒకటి పెరిగింది, మొత్తం మారలేదు. కూడిక ఎన్నిసార్లు చేసినా ఈ తప్పు బయటపడదు. దీనికి మందు చీటీల్లోనే ఉంది. గీతలయ్యాక చీటీలు పారేయకుండా పండువారీగా కుప్పలు పోయాలి. జామ కుప్పలో నాలుగు, బోర్డు మీద జామ దగ్గర మూడు గీతలు ఉంటే సంగతి తెలిసిపోతుంది. లేదా ఇద్దరు పిల్లలు ఒకరి కాగితం ఒకరు చూడకుండా విడివిడిగా గీతలు గీసుకోవచ్చు. ఇద్దరివీ ఒకే చోట ఒకే తప్పు పడటం అరుదు. చేతులెత్తే పద్ధతిలో లేని సౌకర్యం ఇదే. దిగిన చెయ్యి మళ్ళీ లెక్కకు దొరకదు, చీటీ దొరుకుతుంది.

లెక్క తేలింది: మామిడి 13, సీతాఫలం 7, అరటి 5, జామ 4, యాపిల్ 3, ద్రాక్ష 2, ఇతర పళ్ళు 2. దీన్ని చార్టు మీదికి ఎక్కించాలి.

పిల్లలకి చార్టు ఇచ్చి బొమ్మలు వేయమంటే మామిడి వరసలో మామిడికాయలు, ద్రాక్ష వరసలో ద్రాక్షలు వేస్తారు. చూడముచ్చటగా ఉంటుంది. జామకాయలు చేతికొచ్చినంత పెద్దవిగా నాలుగు వేసి వరస నింపేస్తారు, అరటిపళ్ళు సన్నగా ఐదు వేస్తే వరస సగంలోనే ఆగిపోతుంది. దూరం నుంచి చూసినవాళ్ళకి జామే ఎక్కువమందికి ఇష్టం అనిపిస్తుంది. పటచిత్రం చదివేది లెక్కపెట్టి కాదు, వరస పొడవు చూసి. పొడవు అబద్ధమాడితే చార్టు అబద్ధమాడినట్టే.

ఇంతకంటే దొడ్డదారి ఇంకొకటుంది. వరసలు ఎందుకని, ఒక్కో పండుకు ఒక్కటే బొమ్మ వేసి, ఎక్కువమంది ఎంచిన దాన్ని పెద్దది చేయడం. మామిడిని 13 సెంటీమీటర్ల ఎత్తున, సీతాఫలాన్ని 7 సెంటీమీటర్ల ఎత్తున వేశారనుకోండి. ఎత్తుల నిష్పత్తి సరిగ్గానే ఉంది, రెట్టింపుకు కాస్త తక్కువ. కానీ ఎత్తు పెరిగితే వెడల్పూ పెరుగుతుంది. కాగితం మీద మామిడి ఆక్రమించిన చోటు సీతాఫలానికి దాదాపు మూడున్నర రెట్లు అవుతుంది. కంటికి ఆ మూడున్నరే కనిపిస్తుంది. పత్రికల్లో, ప్రకటనల్లో ఈ ఎత్తుగడ ఇప్పటికీ నడుస్తూనే ఉంది. అమెరికా రచయిత డారెల్ హఫ్ 1954లో గణాంకాలతో ఎలా అబద్ధాలాడతారో చెబుతూ రాసిన చిన్న పుస్తకంలో డబ్బు మూటల బొమ్మలతో సరిగ్గా దీన్నే విప్పి చూపించాడు.

అంతకు చాలా ముందే ఆస్ట్రియాలో ఓటో నాయిరాత్ ఈ పని ఎలా చేయాలో ఒక నియమం పెట్టాడు. 1925లో వియన్నా నగరంలో సామాన్య జనానికి ఇళ్ళు, జీతాలు, జబ్బుల లెక్కలు అర్థమయ్యేలా చూపించడానికి ఒక మ్యూజియం మొదలుపెట్టాడు. అక్కడి చార్టులన్నిటికీ ఒకటే సూత్రం: సంఖ్య పెరిగితే బొమ్మ పెద్దది కాకూడదు, అదే కొలతలో ఇంకో బొమ్మ పక్కన చేరాలి. గెర్డ్ ఆర్న్ట్స్ అనే చిత్రకారుడు ఆ బొమ్మలను లినోలియం మీద చెక్కి అచ్చులు తీసేవాడు. ఒకే అచ్చు నుంచి వచ్చినవి కాబట్టి అన్నీ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండేవి. మన నాలుగో తరగతి చార్టు మీద బొమ్మల వరసలు వేస్తున్నప్పుడు పిల్లలు పాటిస్తున్నది ఆయన నియమమే.

లినోలియం లేకపోతే బెండకాయ ఉంది. ముదురు బెండకాయను అడ్డంగా కోసి, రంగులో ముంచి అద్దితే చక్కటి పువ్వు పడుతుంది. ఒకే ముక్కతో అద్దినంతసేపూ అన్నీ ఒకే కొలత. ముందుగా చార్టు మీద స్కేలుతో సమానమైన గడులు గీసి, గడికొక్క ముద్ర వేస్తే వరసలు వాటంతటవే సరిపోతాయి. అన్ని వరసలూ ఎడమవైపు ఒకే గీత దగ్గర మొదలవ్వాలి, లేకపోతే పొడవులు పోల్చలేం. పండు బొమ్మ లేకపోతే ఎలా అంటారా, వరస మొదట్లో పండు పేరు ఉంటుంది కదా. వరసలో లెక్కపెడుతున్నది పళ్ళను కాదు, పిల్లల్ని. మామిడి వరసలో 13 మామిడికాయలు వేస్తే "ఎన్ని మామిడిపళ్ళున్నాయి" అని అడిగేవాళ్ళు తయారవుతారు. ఒకే ముద్ర అన్ని వరసల్లో ఉంటే అది ఒక మనిషికి గుర్తు అని పిల్లలకి వెంటనే తెలుస్తుంది. అంత కష్టం కూడా వద్దనుకుంటే, ఒకే కొలతలో కోసిన ఆ చీటీలనే గడుల్లో అంటించేయవచ్చు. ఎవరి చీటీ ఎక్కడుందో వాళ్ళు వేలుపెట్టి చూపిస్తారు.

36 మందికి 36 ముద్రలు వేయొచ్చు. బడిలో ఉన్న 240 మందినీ అడిగితే అన్ని వేయలేం. అప్పుడు ఒక ముద్ర ఇంతమందికి సమానం అని పెట్టుకోవాలి, దాన్నే స్కేలు అంటారు. ఆ అంకె ఎంచడంలోనే కాస్త తెలివి కావాలి. మన తరగతికే ఒక ముద్రకు ఐదుగురు అని పెట్టి చూడండి. మామిడి 13 అంటే రెండు ముద్రలూ, ఇంకో ముద్రలో ఐదింట మూడు వంతులు. సీతాఫలం 7 అంటే ఒక ముద్ర, ఐదింట రెండు వంతులు. బెండకాయ పువ్వులో మూడు వంతులూ రెండు వంతులూ ఎవరు అద్దగలరు? పిల్లలు రెండు చోట్లా సగమే వేస్తారు. చార్టు చదివినవాడికి మామిడి పన్నెండో పదమూడో తెలియదు, సీతాఫలం ఏడో ఎనిమిదో తెలియదు. ఒక ముద్రకు ఇద్దరు అని పెడితే ఈ బాధ లేదు. బేసి సంఖ్య వచ్చిన చోట సగం ముద్ర, అంటే ఒకరు. సగం వేయడానికి గడిలో సగం మీద కాగితం అడ్డుపెట్టి అద్దితే సరి.

మామిడి ● ● ● ● ● ● ◐
సీతాఫలం ● ● ● ◐
అరటి ● ● ◐
జామ ● ●
యాపిల్ ● ◐
ద్రాక్ష ●
ఇతర పళ్ళు ●

ఒక ● = ఇద్దరు పిల్లలు

ఆ చివరి పంక్తి లేకపోతే ఈ బొమ్మకు అర్థమే లేదు. అది చెరిపేస్తే మామిడి ఆరున్నరమందికి ఇష్టం అవుతుంది. బొమ్మలన్నీ కలిపితే 18, రెండుతో హెచ్చిస్తే 36. ఇక్కడ కూడా అదే అంకెతో సరిచూసుకున్నాం.

ఇప్పుడు చార్టు ఏం చెబుతోందో చూద్దాం. మామిడి అన్నిటికంటే పొడవైన వరస, సందేహం లేదు. దీన్ని చూసి "మా తరగతికి మామిడి ఇష్టం" అని పైన శీర్షిక పెట్టేస్తారు. 36లో 13 అంటే మూడో వంతు కంటే ఒక్కరు ఎక్కువ. మామిడి రాయనివాళ్ళు 23 మంది. సగం మందికి కూడా అది మొదటి ఇష్టం కాదు. అలాగని ఆ 23 మందికీ మామిడి పడదనీ కాదు, వాళ్ళలో చాలామందికి రెండో ఇష్టం అదే కావచ్చు. మనం రెండోది అడగలేదు కాబట్టి చార్టుకు ఆ సంగతి తెలియదు. "ఎక్కువమంది రాసిన పండు మామిడి" అన్నంతవరకే చెప్పగలం. దీన్నే పై తరగతుల్లో బాహుళకం అంటారు. మార్కులకైతే సగటు తీయొచ్చు, పళ్ళకు తీయలేం. మామిడికీ జామకూ సగటున ఏ పండు వస్తుంది?

ఈ తేడా కాగితం మీద చాదస్తంలా ఉంటుంది, పని దగ్గర తెలుస్తుంది. జనవరి 26న జెండా పండగకి పిల్లలకి పళ్ళు పంచుదామనుకున్నారు. సర్వే ఉంది కదా అని చార్టు చూస్తే మామిడి, సీతాఫలం ముందున్నాయి. జనవరిలో రెండూ దొరకవు. మూడోది అరటి, దాన్ని ఎంచినవాళ్ళు ఐదుగురే. అరటి తెస్తే 31 మంది మొహం చిట్లిస్తారా? తెలియదు. ఈ పనికి వేరే ప్రశ్న కావాలి: "అరటి, జామ, బత్తాయి, ద్రాక్షల్లో నువ్వు తినే పళ్ళన్నిటికీ టిక్కు పెట్టు." ఇక్కడ జాబితా ఇవ్వడమే న్యాయం, ఎందుకంటే అంగట్లో దొరికేవి అవే. ఎన్నింటికైనా టిక్కు పెట్టొచ్చు కాబట్టి మొత్తం 36 దాటుతుంది, దాటాలి కూడా. పాత తనిఖీ ఇక పనికిరాదు. దాని బదులు ఏ ఒక్క వరసా 36 దాటకూడదన్నది కొత్త తనిఖీ. చేతులెత్తించినప్పుడు వచ్చిన 60 నిజానికి ఈ ప్రశ్నకు జవాబు కావాల్సింది, అక్కడ దాన్ని వేరే ప్రశ్న కింద రాశారు.

చార్టు మీద తేదీ కూడా ఉండాలి. ఇదే ప్రశ్న ఏప్రిల్‌లో, బండ్ల మీద మామిడిపళ్ళు కుప్పలు పోసి ఉన్నప్పుడు అడిగితే సీతాఫలానికి ఏడుగురు మిగులుతారో లేదో. దసరా వెళ్ళాక, మామిడి కంటికి కనబడక మూడు నెలలైనా 13 మంది అదే రాశారంటే మాత్రం అది నోరూరి రాసింది కాదు.

పోతే ఆ రోజు రాని ఇద్దరు. వాళ్ళ చీటీలు డబ్బాలో లేవు. వాళ్ళుంటే ఏమన్నా మారేదా అన్నది ఊహతో పనిలేకుండా లెక్క చేసి చెప్పొచ్చు. మామిడికీ సీతాఫలానికీ మధ్య తేడా ఆరు. ఇద్దరూ సీతాఫలమే రాసినా 13కు 9, మామిడి స్థానం కదలదు. సీతాఫలానికీ అరటికీ తేడా రెండు. ఇద్దరూ అరటి రాస్తే ఏడుకు ఏడు, రెండో స్థానంలో ఇద్దరుంటారు. అరటికీ జామకూ తేడా ఒక్కటే. ఇద్దరూ జామ రాస్తే జామ అరటిని దాటి ఆరుకు వెళుతుంది. కాబట్టి చార్టు కింద "రిజిస్టరులో 38, హాజరు 36" అని రాసి, మొదటి స్థానం గురించి గట్టిగానే చెప్పొచ్చు. రెండో స్థానం సీతాఫలానిదే అయినా ఒంటరిగా దానిదేనని చెప్పలేం. మూడో స్థానం అరటిదా జామదా అన్నది ఆ ఇద్దరూ బడికొచ్చేదాకా ఆపాల్సిందే.